మూడో చుక్క

లేబుల్ మూలన పెన్సిల్ చుక్కలు రెండున్నాయి. ఆమె పెట్టింది ఒకటే. ఆ మాట ఎక్కడైనా ఒట్టేసి చెప్పగలదు.

పిల్లల ఆసుపత్రి మందుల గదిలో ఆమెను అందరూ స్కేలమ్మ అంటారు. సిరంజిలకు అంటించే లేబుళ్ళను కూడా స్కేలు ఆనించి కోసే మనిషి మరి. చదువులో మొదటి ర్యాంకు. ఉద్యోగంలో చేరి ఆరేళ్ళయింది, ఆరేళ్ళలో ఒక్క తప్పు లేదు. అలాగని అందరూ అనేవారు. ఆమె కాదనేది కాదు.

ఈ చుక్కల గొడవ రెండు నెలల కిందట మొదలైంది. మందు కొలత సరిచూసి, సిరంజిని ట్రేలో పెట్టి రెండడుగులు వేసేసరికి, నిజంగా చూశానా అన్న అనుమానం వచ్చేది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చూస్తే ప్రాణం కాస్త కుదుటపడేది. మొదట్లో ఆ కుదుట గంటసేపు ఉండేది. తరవాత పది నిమిషాలు. ఇప్పుడు తలుపుదాకా కూడా రావడం లేదు. పెన్ను మూత పెట్టిన చెయ్యి గుర్తుంటుంది గానీ, పెట్టింది ఇప్పుడా, ఇందాకటి సారా అన్నది తెలియదు. ఒకే పని అన్నిసార్లు చేస్తే ఏ జ్ఞాపకం ఏ సారిదో ఎవరికి మాత్రం తెలుస్తుంది? అందుకని చూడ్డం అయిపోగానే లేబుల్ మూలన సూదిమొనంత చుక్క పెట్టడం నేర్చుకుంది. చుక్క ఉంటే చూసినట్టే. తెలివైన ఉపాయమే. నాలుగు రోజులు పనిచేసింది. అయిదో రోజు, ఈ చుక్క చూశాక పెట్టానా, చూడకముందే పెట్టానా అన్న కొత్త పురుగు తొలవడం మొదలుపెట్టింది.

ఇప్పుడేమో రెండో చుక్క. రెండోది ఎవరిది?

ఆమెకు తెలుసు ఎవరిదో. చిట్టీలాయనది.

ఆయన నెల కిందట వేరే ఆసుపత్రి నుంచి వచ్చాడు. యాభై దాటిన మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ చిట్టీలు. ఏ పనీ తొందరపడి చెయ్యడు, చేసినదాన్ని మళ్ళీ చూడడు. ఒక్కసారి లెక్క వేస్తాడు, సంతకం పెడతాడు, టీ తాగడానికి వెళ్ళిపోతాడు. అలాంటి మనిషికి రాత్రి నిద్రెలా పడుతుందో ఆమెకు అంతుబట్టేది కాదు. పైగా ఆమె ట్రే దగ్గరకు వెళ్ళినప్పుడల్లా గోడ గడియారం చూసి చిట్టీ మీద ఏదో గీకేవాడు. ఆమె తలెత్తితే చిట్టీ జేబులోకి పోయేది.

రెండుసార్లు పెద్ద మేడమ్ గదిలో ఆయన కనిపించాడు. మందుల గదికంతా పెద్ద అయిన ఆవిడకు ఆయనతో అంతసేపు ఏం మాటలుంటాయి? ఆమె తలుపు తియ్యగానే ఇద్దరూ మాట ఆపేశారు. పెద్ద మేడమ్ నవ్వింది కూడా. ఆ నవ్వు ఆమెకు రెండు రోజులు ముల్లులా గుచ్చుకుంది.

పరీక్ష పెడదామనుకుంది. ట్రే అంచును బల్ల మీద టైల్సు గీతకు సరిగ్గా కలిపి పెట్టి బయటికి వెళ్ళింది. వచ్చి చూస్తే వేలెడు జరిగి ఉంది. మందు బుడ్డీ పేరు గోడవైపు తిరిగి ఉంది. ఆమె ఎప్పుడూ తనవైపుకే తిప్పి పెడుతుంది. ఇంకేం కావాలి? తనతో తప్పు చేయించాలని చూస్తున్నారు. ఆరేళ్ళ మచ్చలేని పేరు మీద ఒక్క మచ్చ పడాలని కాచుకుని ఉన్నారు.

మధ్యాహ్నం భోజనాల వేళ అక్కకు ఫోన్ చేసింది. అక్క బట్టలు కుడుతుంది. ఫోన్లో ఎప్పుడూ మిషన్ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. పొద్దున ఇంటి తాళం వేశానా అని ఆమె మొదట అడిగింది. వేశావు, నాకు ఫొటో కూడా పంపావు అంది అక్క. తరవాత ఆమె చుక్కల సంగతి, చిట్టీల సంగతి, ట్రే సంగతి అంతా చెప్పింది. మిషన్ ఆగింది.

"ఒసే, నేను రోజూ ఏదో ఒకటి తప్పు కుట్టి విప్పుతాను," అంది అక్క. "నువ్వు విప్పినట్టు ఒక్కసారైనా చెప్పవేం?"

"నాది బట్ట కాదక్కా. పిల్లల ప్రాణాలు."

తిన్నావా అని అడిగింది అక్క. ఆమె తిన్నానంది. డబ్బా మూత ఇంకా తియ్యలేదు.

ఫోన్ పెట్టేశాక అలవాటుగా ఆమె చెయ్యి సంచి లోపలి జిప్పు మీదకు పోయింది. అందులో ఏముందో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఉందో లేదో తడిమి చూసుకుని చెయ్యి తీసేసింది.

మర్నాడు పొద్దున పదింటికి వార్డు నుంచి డాక్టరు రాసిన మందు చీటీ వచ్చింది. ఎనిమిది కిలోల పసిపాప, ఒంట్లో ఇన్ఫెక్షన్. కిలోకు పదిహేను మిల్లీగ్రాముల లెక్కన నూట ఇరవై. బుడ్డీలో మందు మిల్లీలీటరుకు యాభై, అంటే సిరంజిలోకి రెండు పాయింటు నాలుగు. అది ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతినే మందు. ఆమె లెక్క సరిపోయింది. రెండోసారి కూడా సరిపోయింది. మూడోసారి చూస్తుండగా వార్డు నర్సు ఫోన్ చేసి, పాప మందు ఇంకా రాలేదే, పక్క మంచం పిల్లాడి చీటీ కూడా పంపాం చూడండి అంది. ఆమె రెండో చీటీ తీసి బల్ల మీద పెట్టింది. ఆ కంగారులో మొదటి చీటీ దాని కిందకు పోయింది.

నాలుగోసారి చూసింది. బరువు పదహారు కిలోలు.

పదహారా? ఇందాకటినుంచి ఎనిమిదనే కదా లెక్క వేస్తున్నాను? ఎనిమిదని చదివిన జ్ఞాపకం ఎక్కడుందా అని వెతుక్కుంది. మూడుసార్లు చదివిన అంకె ఒక్కసారి చదివినంత గట్టిగానైనా గుర్తులేదు. తన కళ్ళ మీద తనకు నమ్మకం పోయి చాలా రోజులైంది. ఎదురుగా ఉన్న కాగితాన్ని నమ్మింది. రెండు వందల నలభై మిల్లీగ్రాములు, నాలుగు పాయింటు ఎనిమిది. సిరంజి మళ్ళీ నింపింది. పాత లేబుల్ తీసి, అదే పాప పేరుతో కొత్తది రాసి అంటించింది. మళ్ళీ చూడబట్టే బతికిపోయాను, చూడకపోతే ఎంత ఘోరం జరిగేదో అనుకుని చుక్క పెట్టింది. జరుగుతున్న ఘోరం అదేనని పాపం ఆమెకు తెలియదు.

ఆ గదిలో ఏ మందైనా ఇద్దరు చూడాలి. రెండోవారు మొదటివారి లెక్క చూడకుండా విడిగా వేసుకోవాలి. చిట్టీలాయన లేబుల్ మీది పేరు చూసి ఆ పాప చీటీ కిందనుంచి తీసుకున్నాడు, లెక్క వేసుకున్నాడు, సిరంజి ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. కిందకు దించాడు.

"అమ్మా, నాకు రెండు పాయింటు నాలుగే వచ్చింది. ఇందులో రెండింతలుంది."

ఆమె చీటీ లాక్కుని చూసింది. ఎనిమిది కిలోలు. ఆయన చేతిలోంచి లాక్కున్న చీటీలో ఎనిమిది, బల్ల మీది చీటీలో పదహారు. ఒక్క క్షణం ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తరవాత అంతా అర్థమైపోయిందనిపించింది.

"మీరే మార్చారు," అంది. "చీటీలు మార్చారు. నా ట్రే కదిపారు. నా లేబుళ్ళ మీద చుక్కలు పెడుతున్నారు. నాకు తెలియదనుకున్నారా?"

ఆయన మొదట ఆ సిరంజిని వేరే గిన్నెలో పెట్టి దాని మీద 'వాడవద్దు' అని కాగితం అంటించాడు. రెండు పాయింటు నాలుగు తనే నింపి, పక్క గది ఫార్మసిస్టుతో సరిచూపించి వార్డుకు పంపాడు. పాపకు మందు అందింది. ఆ తరవాతే జేబులోంచి చిట్టీలు తీసి ఆమె ముందు పరిచాడు.

అన్నీ గంటలూ నిమిషాలూ. పది పది, చూసింది. పది పదమూడు, మళ్ళీ. పది పందొమ్మిది, ట్రే జరిపి చూసింది, చుక్క. నిన్నటిది, మొన్నటిది. అన్నీ ఆమెవే. ఒక లేబుల్‌కు ఎదురుగా మూడు టైములు, మూడింటి పక్కనా చుక్క అని రాసి ఉంది.

"మందులు ఆలస్యమవుతున్నాయని వార్డువాళ్ళు గొడవ పెట్టారు. టైము ఎక్కడ పోతోందో చూడమన్నారు మేడమ్," అన్నాడాయన. "మీకు చెప్పకుండా చూడ్డం నాకూ నచ్చలేదమ్మా. చెబితే ఇంకా ఎక్కువసార్లు చూస్తారని భయపడ్డాను."

అంటే ఆమె అనుమానం నిజమే. వాళ్ళు కాపలా కాశారు. కాకపోతే ట్రే జరిపింది ఆమే, బుడ్డీ తిప్పింది ఆమే, రెండో చుక్కా మూడో చుక్కా ఆమెవే. ఇన్నాళ్ళూ వెతికిన దొంగ చేతికి తన గాజులే ఉన్నాయి. సిగ్గుతో ఆమె తల ఎత్తలేకపోయింది.

పెద్ద మేడమ్ ఆమెను గదిలోకి పిలిచి కూర్చోబెట్టింది. ఉద్యోగం పోయినట్టేనని ఆమె గట్టిగా అనుకుంది. మేడమ్ ఒక పచ్చ అట్ట పుస్తకం ఆమె వైపు తోసింది. పిల్లల దాకా పోకుండా పట్టుబడిన తప్పులన్నీ ఎవరికి వారు రాసుకునే పుస్తకం అది. ఎవర్నీ శిక్షించడానికి కాదు, తప్పు ఏ మూల నుంచి వస్తోందో చూసి ఆ మూల సరిచెయ్యడానికి. ఈ ఆరేళ్ళలో ఆమె దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. తెరిచి చూస్తే చిట్టీలాయన పేరు అప్పుడే రెండుచోట్ల ఉంది. మేడమ్ పేరయితే పేజీకొకటి చొప్పున ఉంది.

"ఇందులో లేనిది నీ పేరొక్కటే," అంది మేడమ్. "వచ్చినవాళ్ళంతా నిన్ను మెచ్చుకుంటుంటే నాకు భయం వేసేది. ఆరేళ్ళు ఒక్క తప్పూ చెయ్యని మనిషి ఉండదు. చెప్పని మనిషి ఉంటుంది."

ఆమె ఏడ్చింది. మేడమ్ ఏడవనిచ్చింది. తరవాత నెమ్మదిగా విషయాలు చెప్పింది. రేపట్నుంచి లెక్క ఒకసారి వెయ్యాలి, ఒకసారి సరిచూడాలి, రెండో మనిషికి ఇచ్చెయ్యాలి. బల్ల మీద ఒక్క చీటీయే ఉండాలి, ఈ నియమం గదిలో అందరికీ. భయం వేస్తుంది, వేసినా వెనక్కి వెళ్ళకూడదు. వెళ్ళిన ప్రతిసారీ భయానికి మేత వేసినట్టే. ఒంటరిగా చేతకాకపోతే ఇలాంటివి చూసే డాక్టరు ఇదే ఆసుపత్రిలో రెండో అంతస్తులో ఉంటుంది, చీటీ తనే రాసిస్తానంది.

ఆమె పెన్ను తీసుకుంది. జరిగింది జరిగినట్టు రాయడానికి అరగంట పట్టింది. ఒకచోట బరువు బదులు మోతాదు అని రాసి కొట్టేసింది. పేజీ చింపి మళ్ళీ రాద్దామని చేతివేళ్ళు లాగాయి. ఆ కొట్టివేత పక్కనే పొడి సంతకం పెట్టి ఊరుకుంది.

పుస్తకం మూయబోతూ ఆగింది. సంచి లోపలి జిప్పు తీసి, మడతల దగ్గర చిరిగిపోతున్న ఒక లేబుల్ బయటకు తీసింది. ఉద్యోగంలో చేరిన మూడో నెల. ఒక బాబు మందుకు ఇంకో బాబు పేరు. కిటికీలోంచి వార్డువాళ్ళకు ఇవ్వబోతూ ఆఖరి నిమిషంలో చూసుకుని, పీకేసి, సంచిలో దాచేసింది. అప్పట్నుంచి రోజూ దాన్ని వెంటబెట్టుకునే తిరుగుతోంది.

లేబుల్‌ను బల్ల మీద పెట్టి చేత్తో సాపు చేసింది.

"మేడమ్, దీన్ని ఏ తేదీ కింద రాయమంటారు?"

మేడమ్ పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. "ఇవాళ్టి తేదీ కిందే రాయమ్మా," అంది.