గులాబీ రంగు మాత్ర

పంపు మెకానిక్ బలానికి టానిక్ కొనడానికే మందుల షాపుకి వచ్చాడు. మాత్ర సంగతి అడగాలని ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు అనుకోనేలేదు.

"మా అమ్మకి ఒంట్లో ఓపిక ఉండట్లేదు మేడమ్. మంచి టానిక్ ఏదైనా ఇవ్వండి," అన్నాడు గ్రీజు చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.

కౌంటర్ వెనక ఉన్న ఫార్మసిస్టుకి యాభై దగ్గర పడుతున్నాయి. పదిహేడేళ్లుగా ఆ షాపు ఆమెదే. అడిగిందే తడవుగా టానిక్ తీసిచ్చే రకం కాదు.

"ఓపిక లేకపోవడమంటే ఎలా ఉంటోంది?"

"కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతున్నాయంట. సాయంత్రానికి పాదాలు వాచిపోతున్నాయి. మొన్న హాస్టల్ వంటింట్లో పొయ్యి ముందే తూలింది. పక్కనున్నావిడ రెక్క పట్టుకోబట్టి సరిపోయింది, లేకపోతే మరుగుతున్న గంజిలో పడేది. ఇక చాల్లే అమ్మా, అరవై రెండేళ్లొచ్చాయి, మానెయ్ అన్నాను. రాజీనామా కాగితం నేనే రాసి సంతకం పెట్టించాను. శనివారం ఇచ్చెయ్యాలి. అప్పట్నుంచీ నాతో సరిగ్గా మాట్లాడ్డం లేదు."

తల్లి ఇరవై ఆరేళ్లుగా ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషి. పూటకి ఎనభై మందికి వండుతుంది. ఏ పిల్ల కారం తినదో, ఏ పిల్ల అలిగి పస్తు పడుకుంటుందో ఆవిడకి తెలుసు. సెలవుల్లో ఇంట్లో నలుగురికి వండాలంటే ఉప్పు అంచనా తప్పుతుందని కోడలు నవ్వుతూ ఉంటుంది.

"ఇదంతా ఎప్పట్నుంచి?" ఫార్మసిస్టు అడిగింది.

"పది రోజులైంది..." అంటూ ఆగి, ఏదో తట్టినట్టు తలెత్తాడు. "అవును మేడమ్, ఈ నెల బీపీ మాత్ర మారింది కదా? ఎప్పుడూ తెల్లగా గుండ్రంగా ఉండేది. ఈసారి గులాబీ రంగులో, కోలగా ఉంది. అదేమైనా పడట్లేదంటారా? నకిలీ మందులని పేపర్లో చదువుతూ ఉంటాం..."

వెనకున్న ఇద్దరు కొనుగోలుదారులు చెవులు రిక్కించారు. ఫార్మసిస్టు మొహం చిన్నబుచ్చుకోలేదు. అరలోంచి రెండు స్ట్రిప్పులు తీసి అతని ముందు వెనక్కి తిప్పి పెట్టింది.

"అనుమానం రావడం తప్పు కాదు బాబూ. ఈ అక్షరాలు చదువు. ఇది పాతది. ఏముంది?"

"ఆమ్లోడిపిన్... ఐదు మిల్లీగ్రాములు."

"ఇది కొత్తది."

"ఆమ్లోడిపిన్. ఐదు." కంపెనీ పేర్లు మాత్రం వేరు.

"అసలు మందు ఇంతే. మహా అయితే రెండు మూడు ఆవగింజలంత. అంత చిన్నదాన్ని చేత్తో పట్టుకుని వేసుకోలేం కాబట్టి పిండిలాంటివి కలిపి మాత్ర కడతారు. ఆ కలిపేవి, రంగు, ఆకారం ఏ కంపెనీ ఇష్టం ఆ కంపెనీది. పాత కంపెనీ సరుకు ఈ నెల ఆలస్యంగా వచ్చింది, అందుకని అప్పుడు ఇదిచ్చాను. రెండూ చేసే పని ఒకటే."

"మరి కళ్లెందుకు తిరుగుతున్నాయి?"

ఆమె స్ట్రిప్పులు పక్కకి జరిపింది. "పాత మాత్రలు ఇంట్లో ఇంకా మిగిలున్నాయా?"

"ఉండొచ్చు. స్ట్రిప్పు అయిపోకముందే తెస్తాను నేను."

"అమ్మకి ఒకసారి ఫోన్ చెయ్యి. రోజూ ఏం వేసుకుంటోందో అడుగు. గదమాయించకుండా అడుగు."

అతను స్పీకర్ పెట్టాడు. నాలుగోసారి మోగాక తల్లి ఎత్తింది.

"ఏంటి?" అంది పొడిగా.

"అమ్మా, బీపీ మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు?"

"ఎప్పట్లాగే. పొద్దున తెల్లది. రాత్రి అన్నం తిన్నాక గులాబీది."

మెకానిక్ నోరు తెరిచి ఫార్మసిస్టు వైపు చూశాడు.

"రెండూ ఎందుకమ్మా?"

"అదేంట్రా, నువ్వే కదా తెచ్చావు? పోయినసారి డాక్టరుగారు అన్లేదూ, అవసరమైతే ఇంకోటి కలుపుదామని? కలిపారనుకున్నా. ఒక్క పూట కూడా మానలేదు," అంది, మానిందేమోనని అడుగుతున్నాడనుకుని.

ఫార్మసిస్టు కౌంటర్ మీదకి వంగింది. "పెద్దమ్మా, నేను మందుల షాపు నుంచి. ఆ రెండూ ఒకటే మందు. తెలియక రెట్టింపు వేసుకుంటున్నారు. కంగారు పడకండి, మెల్లగా ఒకసారి ఇలా రండి. వచ్చేటప్పుడు రెండు స్ట్రిప్పులూ తీసుకురండి."

కోడలు ఆటోలో తీసుకొచ్చింది. తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఆగి, బీపీ చూసింది ఫార్మసిస్టు. నూట నాలుగు, అరవై రెండు. నిలబెట్టి చూస్తే ఇంకాస్త తగ్గింది. అక్కడి నుంచే డాక్టరుకి ఫోన్ చేసి జరిగింది చెప్పింది. పొద్దుటి మాత్ర పడింది కాబట్టి రాత్రిది వద్దు, రేపట్నుంచి రోజుకి ఒక్కటే, మొత్తానికి మాత్రం మానొద్దు, సోమవారం తీసుకొచ్చి చూపించండి, ఈలోగా కళ్లు తిరగడం ఎక్కువైతే వెంటనే రమ్మన్నారు డాక్టరు.

"అయితే నాకు ముసలితనం ముదర్లేదన్నమాట," అంది తల్లి కొడుకుని ఓరగా చూస్తూ.

"సోమవారం దాకా ఏదీ అనుకోవద్దు పెద్దమ్మా. కానీ పాదాల వాపుకీ, ఈ తూలుడుకీ రెట్టింపు మాత్రే కారణమని నాకనిపిస్తోంది." ఫార్మసిస్టు ఒక్క క్షణం తల దించుకుంది. "ఇందులో నా తప్పూ ఉంది. ఇచ్చేటప్పుడు కంపెనీ మారిందని చెప్పాను. చెబితే సరిపోదు, కవరు మీద రాయాల్సింది."

మెకానిక్ చెవి గోక్కున్నాడు. "నేను అప్పుడు ఫోన్లో ఉన్నాను మేడమ్. మీరేదో అన్నారు, తలూపి వెళ్లిపోయాను."

"నువ్వు నా మాటకీ అంతే తలూపుతావు," అంది తల్లి. కోడలు చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వింది. చాలా రోజులకి ఆ ముగ్గురూ ఒకేసారి నవ్వారు.

శనివారం అతను హాస్టల్‌కి వెళ్లాడు, రాజీనామా ఇవ్వడానికి కాదు, పది రోజులు సెలవడగడానికి. సోమవారం డాక్టరు బీపీ చూసి, ఒక్క మాత్ర చాలన్నారు. వారానికల్లా వాపు దిగిపోయి చెప్పులు మళ్లీ పాదాలకి సరిపోయాయి. తూలుడు పోయింది. సెలవు ముగిసి తల్లి వంటింట్లో అడుగుపెట్టిన పూట పిల్లలు అన్నం కోసం కాదు, ఆవిడ కోసం వరస కట్టారు. బరువు గిన్నెలు దించే పని మాత్రం ఇంకొకరికి అప్పగించాలని కొడుకు పట్టుబట్టాడు. ఆవిడ గొణుక్కుంటూనే ఒప్పుకుంది.

మర్నెల మాత్రలకి ఆవిడే స్వయంగా వచ్చింది. స్ట్రిప్పు అందుకుని, కళ్లజోడు పెట్టుకుని, పేరూ అంకె కూడబలుక్కుని చదివాకే సంచిలో వేసుకుంది. అయినా కదల్లేదు.

"ఏంటి పెద్దమ్మా?"

"నా వెంట ఒకావిడ వచ్చిందమ్మాయ్. మా పక్కింటావిడ. లోపలికి రావడానికి మొహమాటపడుతోంది. ఆవిడ సంచిలో ఏడు రంగుల మాత్రలున్నాయి. ఏది దేనికో ఇంట్లో ఎవరికీ తెలీదు."

ఫార్మసిస్టు కౌంటర్ తలుపు తీసి, ఇంకో కుర్చీ తెచ్చి వేసింది.

"రమ్మనండి. సంచి మొత్తం తెమ్మనండి," అంది.