వదిన కడుపు మీద చెయ్యి

మెడ మీద లేచిన పొక్కును దోమకాటని దలీలా తనకు తానే సర్దిచెప్పుకుంది. తను పనిచేసే శిశువిహారంలో పిల్లలకు ఆటలమ్మ పోసిందని ఆమెకు తెలుసు. అయినా అక్కకు పుట్టిన బిడ్డను చూడాలని లోహా పట్టణంలోని పుట్టింటికి వెళ్లింది. పసికందును ఎత్తుకుంది. గర్భిణి అయిన వదిన నోయేలియాను కావలించుకుని, కడుపు మీద చెయ్యి వేసింది.

సాయంత్రానికి ఒళ్లంతా పొక్కులు. తల్లి ఆమెను వెనక గదిలో పెట్టి తలుపు మూసింది. పొక్కులన్నీ పక్కు కట్టేదాకా తిండి గడప దగ్గరే.

అక్కకు చిన్నప్పుడే ఆటలమ్మ వచ్చింది కాబట్టి బిడ్డకు తల్లి నుంచి కొంత రక్షణ ఉంటుందని, అయినా కనిపెట్టి ఉండాలని డాక్టరమ్మ చెప్పింది. నోయేలియాకు ఎప్పుడూ రాలేదు. రక్తపరీక్షలోనూ రక్షణ లేదని తేలడంతో జబ్బును అడ్డుకునే ఇమ్యునోగ్లోబులిన్ సూది వేశారు. అయినా రావచ్చు గనుక నాలుగు వారాలు పసిబిడ్డకు దూరంగా ఉండమన్నారు. ఆమె తన పిన్ని ఇంటికి బయల్దేరింది.

వెళ్తూ వెనక గది మూసిన కిటికీ అవతల ఆగింది.

"వదినా, నాకు అనుమానం ఉండే వచ్చాను," అంది దలీలా.

"ముందే చెప్పుంటే వాకిట్లోంచే తిట్టి పంపేదాన్ని కదే! నా బిడ్డకేమైనా అయితే నిన్ను వదలను."

నాలుగు వారాలు గడిచినా నోయేలియాకు పొక్కులు రాలేదు. స్కానింగులో కడుపులోని బిడ్డ బాగుంది. ఆమె తిరిగొచ్చిన రోజు అక్క పసికందును దలీలా చేతికి అందించబోయింది.

"ముందు వదిన ఎత్తుకోనీ అక్కా," అంటూ దలీలా వెనక్కి తగ్గింది.