గాలి లేకుండా తిరిగిన గాలిమర

పొద్దున్నే లేచేసరికి వంటింట్లో గడియారం ఆగిపోయి ఉంది. టీవీ రిమోటూ పలకలేదు. మా ఇంట్లో ఒకే రోజు రెండు వస్తువులు చచ్చాయంటే వాటిది సహజ మరణం అయ్యుండదు. కానీ ఆరోజు బడిలో సైన్స్ ఎగ్జిబిషన్. జడలు, డబ్బాలు, కనబడని సాక్సు గొడవలో పడి విచారణ సాయంత్రానికి వాయిదా వేశాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని.

మా పిల్ల ఎనిమిదో తరగతి. ఇంట్లో పిడుగు అంటాం. తరిగిపోని శక్తి వనరుల మీద ఎవరికి వాళ్లు ఓ చిన్న మోడల్ చేసుకు రావాలని, అది నిజంగా పనిచెయ్యాలని సైన్స్ మాస్టారు చెప్పారట. సగం క్లాసు సోలార్ అంటూ పరిగెత్తింది.

"బడి హాల్లో ఎండేదమ్మా? ట్యూబులైటు కింద ఆ పలక బజ్జుంటుంది," అంది పిడుగు.

"పోనీ, పేడతో గ్యాసు?"

"అది ఊరి గ్యాసు రావడానికి వారాలు పడుతుంది. అప్పటికి క్లాసులో మనుషులు మిగలరు."

అలా గాలిమర ఖాయమైంది. పాడైపోయిన సీడీ ప్లేయర్ విప్పి అందులోంచి చిన్న మోటారు తీసింది. నీళ్ల సీసా కోసి మూడు రెక్కలు చేసింది.

"కరెంటిస్తే మోటారు తిరుగుతుంది కదా. దాన్ని మనమే తిప్పితే అది మనకి కరెంటిస్తుంది," అని నాకు పాఠం చెప్పింది.

"మీ నాన్న కంటే నయం. ఆయన్ని ఎంత తిప్పినా ఏమీ రాదు," అన్నాను.

తెల్ల లైటు పెడితే వెలగలేదు. దానికి ఎక్కువ వోల్టేజి కావాలట. ఎర్రది పెట్టింది. అదీ వెలగలేదు. అన్నం మానేసి కూర్చుని, చివరికి వైర్లు అటుదిటు మార్చింది. అంతే! వెనక టేబుల్ ఫ్యాను తిరుగుతుంటే, దాని ముందు గాలిమర గిర్రుమంది. మినప గింజంత ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ కళ్లు తెరిచింది. అంట్లు తోముతున్న నన్ను తడిచేతులతోనే లాక్కెళ్లింది.

"చూడమ్మా, ఇది నా కరెంటు."

ఎగ్జిబిషన్‌లో మొదటి బహుమతి వచ్చిన మోడల్ జిల్లా పోటీకి వెళుతుంది. పిడుగు తిండి, నిద్ర, ఊపిరి అన్నీ ఆ ఒక్క మాటే. జిల్లాకి ఏ గౌను వేసుకోవాలో కూడా తేల్చేసుకుంది.

ముందురోజు రిహార్సల్లో మాస్టారు లైటుని ఎగాదిగా చూశారు. పిల్లతో ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు మా ఆయన్ని పక్కకి పిలిచారు.

"పాప బాగా చేసిందండీ. కానీ వెలుగు మరీ పిరికిగా ఉంది. వచ్చే ముఖ్య అతిథి కరెంటాఫీసులో పెద్ద ఇంజనీరు. ఆయన ముందు అది గుడ్లు తేలేస్తే బడి పరువు పోతుంది."

మా ఆయనకి ఎవరైనా ఇంత గౌరవంగా బాధ్యత అప్పగించి చాలా ఏళ్లయింది.

మర్నాడు బడి హాలు పెళ్లివారి విడిదిలా ఉంది. మా పక్క బల్ల మీద జలవిద్యుత్తు కారుతోంది. ఆ పిల్లాడి తల్లి గుడ్డ పెట్టి తుడుస్తూనే ఉంది. అటుపక్క సోలార్ ఇల్లు పిడుగు చెప్పినట్టే నిద్రపోతోంది. పిడుగు మటుకు నిటారుగా నిలబడి, వచ్చినవాళ్లందరికీ ఫ్యాను వేసి, లైటు చూపించి, రెక్కల వంపు ఎందుకో చెప్పి, ఫ్యాను ఆపి, ఆరిపోవడం కూడా చూపిస్తోంది.

"గాలి ఆగితే కరెంటు ఆగుతుందండీ. అందుకే నిజం గాలిమరలున్న చోట, గాలి లేని పూటకి ఇంకో ఏర్పాటు ఉండాలి."

ఇంతలో ముఖ్య అతిథి వచ్చారు. సరిగ్గా మా బల్ల దగ్గరకి వచ్చేసరికి మైకు మూగబోయింది. దానికి వేరే ప్లగ్ పాయింటు దొరకక, మాస్టారు మా ఫ్యాను ప్లగ్గు పీకి అక్కడ మైకు గుచ్చారు. మా ఆయన బూటు తాడు కట్టుకోవడానికన్నట్టు బల్ల కింద వంగారు. ఆయన వేసుకున్నవి చెప్పులు.

ఫ్యాను నెమ్మదించి ఆగిపోయింది. గాలిమర మాత్రం ఆగలేదు. ఇంకా జోరుగా తిరిగింది. పిరికి లైటు నిప్పుకణికలా మండింది.

నాకు వంటింటి గడియారం గుర్తొచ్చింది. రిమోటూ గుర్తొచ్చింది.

"అరే, గాలి లేకుండానే తిరుగుతోందే!" అన్నారు ఇంజనీరుగారు. మొహం ముందుకి పెట్టి, "పైగా చల్లగా నా మొహానికి గాలి కొడుతోంది!" అని నవ్వారు. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

పిడుగు రెక్కల వంక చూసింది. వంగి, బల్ల కిందికి పోతున్న రెండు కొత్త వైర్లు చూసింది. తరవాత వాళ్ల నాన్న వంక చూసింది. ఆయన 'చెప్పు, చెప్పు' అని కనుబొమలు ఎగరేస్తున్నారు.

"సార్, ఇది నేను చేసింది కాదు," అంది పిడుగు. "కింద బ్యాటరీ ఉంది. అది మోటారుని తిప్పుతోంది. ఇప్పుడిది గాలిమర కాదు సార్, ఫ్యాను. ఆ ప్లగ్గు ఒక్కసారి ఇప్పిస్తే నాది చూపిస్తాను."



"పాపకి హాస్యం ఎక్కువ సార్!" అన్నారు మాస్టారు మైకులో.

ఇంజనీరుగారు వంగి బల్ల కిందకి చూశారు. ఆయనకి అర్థం కాకపోవడానికి లేదు, ఆయన జీతమే దానికి. లేచి పిడుగు బుగ్గ తట్టారు.

"గాలి ఉన్నా లేకపోయినా వెలగాలమ్మా. జనానికి కావలసింది అదే," అని ముందుకి కదిలారు.

మొదటి బహుమతి మా బల్లకే వచ్చింది. ఫొటోలో మా ఆయన పళ్లన్నీ ఉన్నాయి. పిడుగు మొహం సగమే ఉంది.

ఇంటికొచ్చాక నేను నోరు తెరిచేలోపే ఆయన మొదలుపెట్టారు. "దాని కష్టం వృథా పోకూడదనే కదే! రేపు జిల్లాకి వెళ్తే అది కాదూ సంతోషపడేది?"

"జిల్లాలో నాది చూపిస్తాను," అంది పిడుగు. "మిణుకుమన్నా సరే."

మూడో రోజు మాస్టారు ఫోను చేశారు. స్పీకర్లో పెట్టారు మా ఆయన, శుభవార్త ఇల్లంతా వినాలని.

"మోడల్ పంపిస్తున్నామండీ. అయితే పాప కాస్త... సభలో ఏం మాట్లాడాలో తెలియని పిల్ల కదా. జలవిద్యుత్తు కుర్రాడు గడగడ మాట్లాడతాడు, వాణ్ని నిలబెడుతున్నాం. వివరణ నేను రాసిచ్చాను, కంఠతా పట్టేశాడు. మీరు నొచ్చుకోకండి. సర్టిఫికెట్లో పాప పేరే ఉంటుంది. అన్నట్టు, కొత్త సెల్స్ వేసి పంపండి. పాతవి నీరసించాయి."

మా ఆయన నా వంక చూశారు. నేను గోడ వంక చూశాను. గడియారం ఇంకా అలాగే ఉంది, ఎవరూ పట్టించుకోలేదు.

"చెప్పరేం, పిల్లే వస్తుందని?" అన్నాను.

"పోనీలెద్దూ... దాని పేరుంటుందన్నారు కదా," అని గొణిగి చొక్కా తొడుక్కున్నారు. పేరుతో సర్దుకుపోవడం ఆయనకి ఆఫీసులో అలవాటే.

ఆయన గడప దాటుతుంటే లోపలి గదిలోంచి పిడుగు గొంతు వినబడింది. ఏడుపు లేదు, కోపం లేదు. సరుకులు చెప్పే గొంతు.

"నాన్నా, నాలుగు తీసుకురా. గడియారానికి ఒకటి, రిమోట్‌కి ఒకటి, దానికి రెండు."

అంతకుముందు ఎప్పుడూ పిడుగు ఆ గాలిమరని 'నాది' అనే అనేది.