అమ్మచ్చి దిండు

ఇట్టూప్ ఇంట్లో వెతకని చోటు లేదు. ఇనప్పెట్టె బోర్లించాడు, అటక మీద రబ్బరు షీట్ల వెనక చూశాడు, ఏసు పటం వెనక కొట్టిన అట్ట కూడా ఊడదీశాడు. మేకు తీస్తూ క్షమించమని ప్రార్థించాడు. పాత పన్ను రసీదులు, పెళ్ళి శుభలేఖలు, చనిపోయిన ఆవు బీమా కాగితం అన్నీ దొరికాయి. కొండ మీది ఈ ఇల్లూ తోటా తన పేర కొన్న నాటి అసలు దస్తావేజు మాత్రం దొరకలేదు.

తోట అమ్మకం దాని దగ్గరే ఆగిపోయింది. కొండ దిగితే రోడ్డు పక్కన, చర్చికి ఎదురుగా ఒక చిన్న ఇల్లు ఉంది. తోట అమ్మిన డబ్బుతో కొంటామంటే దాని యజమాని మాట మీద ఆపి ఉంచాడు. కింద ఇల్లు ఎందుకంటే, భార్య ఏలిక్కుట్టి మోకాళ్ళు పోయాయి. కిందటి వానాకాలం ఆమెకు ఆయాసం వస్తే నలుగురు మగవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి జారే రాళ్ళ మీదుగా మోసుకుని దించారు. సగం దారిలో కుర్చీ కాలు విరిగింది. ఆమె పడలేదు. కానీ ఆ రోజు నుంచి వాన మబ్బు కనపడితే చాలు, భర్త ముఖం వైపు చూస్తుంది.

తోట కొంటానన్నవాడు కురువిళ. రబ్బరు వ్యాపారి. బ్యాంకు అప్పు లేకుండా సొంత డబ్బుతో కొంటున్నాడు కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే అసలు దస్తావేజు లేని ఆస్తి ముఖం ఏ బ్యాంకూ చూడదని దస్తావేజులు రాసే భార్గవన్ పిళ్ళై చెప్పాడు. పిళ్ళై బల్ల సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా, టీ కొట్టు పక్కన ఉంటుంది. చేయాల్సినవన్నీ అతనే వరసగా చెప్పాడు. ముందు పోలీసు స్టేషన్లో ఫిర్యాదు. వాళ్ళు విచారించి ఆచూకీ దొరకలేదని సర్టిఫికెట్ ఇవ్వాలి. వకీలు పేరుతో పత్రికలో ప్రకటన. దస్తావేజు రిజిస్టరైన ఆఫీసు నుంచే సర్టిఫైడ్ కాపీ. దాంతో పాటు, ఆస్తి మీద రిజిస్టరైన బాకీలు చూపే ఈసీ.

పిళ్ళై అక్కడికక్కడే ఫిర్యాదు రాసేశాడు. బస్సులో పట్నం వెళ్తుండగా సంచీలోంచి జారిపోయినట్టు రాశాడు. ఇట్టూప్ కళ్ళజోడు పెట్టుకుని చదివి, కాగితం తిరిగి బల్ల మీద పెట్టాడు.

"నేను బస్సులో తీసుకెళ్ళలేదుగా పిళ్ళై."

"అందరూ బస్సులోనే పారేసుకుంటారు చేట్టా," అన్నాడు పిళ్ళై, అన్నా అని పిలిచే వరసలో. "ఇంట్లో పోయిందంటే ఇల్లంతా వెతికావా అని పోలీసులు నీ వెంట పడతారు. బస్సు అంటే ఎవడు వెతుకుతాడు?"

"వెంట పడనీ. ఇంట్లోనే పోయింది, ఎప్పుడో తెలీదు అని రాయి."

పిళ్ళై నిట్టూర్చి మళ్ళీ రాశాడు. పోలీసాయన నిజంగానే కొండెక్కి వచ్చాడు, చెమటలు కక్కుతూ ఇల్లు చూశాడు, ఏలిక్కుట్టి ఇచ్చిన మజ్జిగ తాగి, ఈ కొండ మీదికి దొంగ కూడా రాడని చెప్పి వెళ్ళాడు. కొన్నాళ్ళకు సర్టిఫికెట్ చేతికొచ్చింది. పత్రికలో ప్రకటన పడింది. దస్తావేజు నంబరు, సంవత్సరం, రిజిస్ట్రేషన్ ఆఫీసు వేసి, అది ఎవరికైనా దొరికినా, దాని మీద ఎవరికైనా హక్కు గానీ బాకీ గానీ ఉన్నా పదిహేను రోజుల్లో వకీలుకు తెలపాలని ఉంది. తన పేరు అచ్చులో చూసుకుని ఇట్టూప్‌కు ఒళ్ళు జలదరించింది. అది చావు ప్రకటనల పక్కనే పడింది. తల్లి పోయినప్పుడు ఆమె ఫోటో వేసింది కూడా ఆ పేజీలోనే.

గడువులోపల ఎవరూ రాలేదు. కాపీ వచ్చింది. ప్రతి పేజీ వెనక ఆఫీసు ముద్ర. అందులో ఉన్నది తన సంతకం కాదు, రిజిస్టర్లోకి ఎక్కించిన నకలు. దాన్ని చేత్తో పట్టుకుంటే, పోయినవాళ్ళ ముఖాన్ని ఇంకొకరి ముఖంలో చూసినట్టుంది.

కురువిళ వకీలు అన్నీ చూశాడు. ఆ తర్వాత అడిగిన ప్రశ్న ఒక్కటే. కాపీ చూపిస్తే భూమి ఎవరిదో తెలుస్తుంది, ఈసీ చూపిస్తే రిజిస్టరైన లావాదేవీలు తెలుస్తాయి. కానీ అసలు దస్తావేజును ఎవరి దగ్గరైనా తాకట్టుగా ఉంచి అప్పు తెచ్చి ఉంటే? ఆ తాకట్టు రిజిస్టరు కాకుండానే చెల్లుతుంది, ఈసీలో కనపడదు. రేపు ఎవడో అసలు కాగితం చేత్తో పట్టుకుని తోట గేటు దగ్గర నిలబడితే కురువిళ ఏం చేయాలి? చుట్టుపక్కల బ్యాంకుల నుంచీ, సహకార సంఘం నుంచీ బాకీ లేదని ఉత్తరాలు తేవాలి. ఎక్కడా పెట్టలేదని ప్రమాణపత్రం ఇవ్వాలి. నష్టం వస్తే భరిస్తానని ఇండెమ్నిటీ బాండు రాయాలి.

"అసలును చివరిసారి చూసింది ఎవరు?" అని అడిగాడు వకీలు.

"అమ్మ," అన్నాడు ఇట్టూప్. "ఆమె దగ్గరే ఉండేది."

ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఇట్టూప్ తండ్రి పాత పొలం కాగితం ఒక వడ్డీ వ్యాపారికి ఇచ్చి, కాగితాన్నీ పొలాన్నీ రెండింటినీ పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత ఇట్టూప్ తల్లి, అంటే ఊరందరి అమ్మచ్చి, ఏ కాగితాన్నీ మగవాళ్ళ చేతికి ఇవ్వలేదు. కొడుకు పేర ఈ తోట రిజిస్టరు కాగానే, దస్తావేజును అతని చేతిలోంచి తీసుకుని చీర చెంగులో చుట్టుకుంది. ఎక్కడ దాచావని అడిగితే నవ్వేది. నేను ఉన్నంతకాలం నీకెందుకురా అనేది.

ఉత్తరాలు తెచ్చే పనిలో ఉండగా ఒక మధ్యాహ్నం కుంజేలి కొండెక్కి వచ్చింది. ఊళ్ళో ఎవరు పోయినా ఒంటికి స్నానం చేయించి బట్టలు కట్టేది ఆమే. పనస ముక్కలు తెచ్చింది. అవి కట్టిన కాగితం ఆ ప్రకటన పేజీయే. ఏలిక్కుట్టి కాగితం విప్పుతుంటే కుంజేలి దాని వైపే చూస్తూ అంది.

"అమ్మచ్చి దిండు గురించి మీకు చెప్పాలా వద్దా అని ఇన్నాళ్ళూ తెలీలేదు."

ఇట్టూప్ కూడా దగ్గరికి వచ్చాడు. అమ్మచ్చి పోయిన రోజున, శవపేటికతో వచ్చిన శాటిన్ దిండు పెట్టబోతుంటే, ఇట్టూప్ ఒప్పుకోలేదు. అమ్మకు తన దిండు మీద తప్ప నిద్ర పట్టదని, పాత బూరుగు దూది దిండే పెట్టమన్నాడు. అది అందరికీ గుర్తే. తల ఎత్తి దిండు సర్దుతున్నప్పుడు లోపల ఏదో పెళపెళలాడిందని కుంజేలి చెప్పింది.

"మట్టలాదివారం చర్చిలో ఇచ్చిన కొబ్బరాకేమో అనుకున్నాను చేట్టా. ముసలాళ్ళు దీవించిన ఆకు దిండులో పెట్టుకుంటారు కదా. దాన్ని తీయడం పాపమని వదిలేశాను."

ఏలిక్కుట్టి కుర్చీ చెయ్యి పట్టుకుంది. అత్త దిండు గలీబుకు కొత్త కుట్టు వేసుకునేదని, సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది తనేనని గుర్తు చేసుకుంది. ఏడాదికోసారి, మట్టలాదివారం తర్వాతే. అయితే ఆకేనా? లేక కాగితం దాచి, ఆకు పెట్టినట్టు కనపడటానికా? ఎవరికీ తెలియదు.

ఆ రోజు నుంచి ఇట్టూప్ ఎక్కడ తల వాల్చినా ఆ శబ్దం వినపడింది. మధ్యాహ్నం వరండాలో పడక కుర్చీలో కన్ను మూస్తే, చెవి కింద ఎండు కాగితం కదిలినట్టుండేది. లేచి కుర్చీ బట్ట తడిమేవాడు. ఏమీ ఉండేది కాదు. చర్చి వెనక కుటుంబ సమాధి ముందు కొవ్వొత్తి వెలిగిస్తే, రాతి వెనక ఆమె తల కాస్త తిప్పుకున్నట్టు అనిపించేది. అమ్మ కాగితాన్ని కాపాడుతున్నదా, తన దగ్గరే ఉంచుకున్నదా? దేవుని సన్నిధికి వెళ్ళినామెకు ఈ తోటతో ఇంకా పనేమిటి? అలా ఆలోచించడమే తప్పని సిలువ గుర్తు వేసుకునేవాడు. మళ్ళీ అదే ఆలోచన.

పిళ్ళై అయితే నోరు మూసుకోమన్నాడు. సర్టిఫికెట్ వచ్చింది, ప్రకటన గడువు దాటింది, ఎవరూ రాలేదు, ప్రమాణపత్రంలో పోయింది అని ఒక్క మాట చాలన్నాడు. ఇట్టూప్ స్టేషన్‌కు వెళ్ళి, ఉందనుకునే చోటు చెప్పాడు. అక్కడి రైటరు, దొరికిందా అని అడిగాడు. దొరకలేదన్నాడు ఇట్టూప్. అయితే సర్టిఫికెట్లో తప్పేముంది, చెప్పినది మాత్రం రాసి ఉంచుతానన్నాడు.

పాదిరి దగ్గరికీ వెళ్ళాడు. ఫాదర్ జాలిగానే విన్నాడు గానీ, కాగితం కోసం సమాధి తెరవడం కుదరదన్నాడు. దేహాన్ని కదిలించాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి, ఇలాంటి పనికి అది ఇవ్వరు.

"మరి ఎప్పుడు తెరుస్తారు ఫాదర్?"

ఆ సమాధి తెరిచేది ఆ ఇంట్లో ఇంకొకరు పోయినప్పుడే. ఇట్టూప్‌కు తెలియక అడగలేదు. ఇంట్లో ఉన్నది తనూ, ఏలిక్కుట్టీ. వయసులో తనే పెద్ద.

ప్రమాణపత్రం తను చెప్పినట్టే రాయమన్నాడు. అసలు దస్తావేజు దొరకలేదు, ఎక్కడా తాకట్టు పెట్టలేదు, తల్లి దిండులో ఆమెతో పాటు ఖననమై ఉండవచ్చని నమ్ముతున్నాను. పిళ్ళై ఇలాంటి వాక్యం తన చేత్తో ఎప్పుడూ రాయలేదంటూనే రాశాడు. దాన్ని తీసుకుని ఇట్టూప్ కురువిళ కొట్టుకు వెళ్ళి, కూర్చోకుండానే మొత్తం చెప్పాడు. బేరం పోతుందనుకున్నాడు. కింది ఇల్లు పోతుంది. వచ్చే వానకు మళ్ళీ కుర్చీ.

కురువిళ రబ్బరు షీట్లు తూచడం ఆపి, చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మచ్చి నాకు తెలుసు చేట్టా. చిన్నప్పుడు మీ జామచెట్టెక్కితే కర్ర పుచ్చుకుని వచ్చేది. ఆమె తల కింద ఉందంటే, ఏ వడ్డీవాడి చేతిలోనూ లేదన్నమాటే."

"ఉందని నేను చూడలేదు."

"అవును. చూడలేదు." కురువిళ తూకం రాళ్ళు పక్కన పెట్టాడు. "అందుకే బాండులో ఒక మాట కలపమని చెప్తాను. ఆ సమాధి తెరిచిన రోజున, అందులో కాగితం ఉంటే నాకు ఇవ్వాలి. లేకపోతే లేదని రాసివ్వాలి."

"ఎవరివ్వాలి?"

కురువిళ మళ్ళీ షీట్లు సర్దడం మొదలుపెట్టాడు. జవాబు ఇట్టూపే చెప్పాడు.

"ఆ రోజు నేనివ్వలేను కదా. నా వారసులకూ వర్తిస్తుందని రాయించు."

అలాగే రాయించారు. బ్యాంకుల ఉత్తరాలు, సంఘం ఉత్తరం, పోలీసు సర్టిఫికెట్, పత్రిక పేజీ, కాపీ, ఈసీ అన్నీ ఒక కట్టగా కురువిళకు అప్పగించి, సబ్ రిజిస్ట్రార్ ముందు ఇట్టూప్ వేలిముద్ర వేసి సంతకం చేశాడు. అత్తవారింటి నుంచి పిలిపించిన పెద్ద కూతురు రోసీని పక్కన కూర్చోబెట్టి బాండులోని ఆ మాట చదివించాడు. ఆమె సగం చదివి కళ్ళు తుడుచుకుంది. నా పెట్టె సమాధిలో పెట్టే ముందు అమ్మచ్చి దిండు తీయండి, కుట్టు విప్పి చూడండి, ఆకు ఉంటే తిరిగి పెట్టేయండి అని చెప్పాడు.

వాన మొదలయ్యేలోపే కిందికి దిగారు. ఏలిక్కుట్టి కర్ర పట్టుకుని తన కాళ్ళ మీదే రోడ్డు దాటి చర్చికి వెళ్తోంది. గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, భర్త వస్తున్నాడా అని చూస్తుంది.

ప్రతి ఆదివారం పూజ అయ్యాక కురువిళ వచ్చి పలకరిస్తాడు. మంచివాడు, మనసులో ఏమీ లేదు. అయినా ఇట్టూప్ దగ్గితే అతని ముఖంలో ఒక చిన్న కలవరం కనపడి, వెంటనే సిగ్గుతో మాయమవుతుంది.

"ఒంట్లో బావుందా చేట్టా?"

"బావుంది," అంటాడు ఇట్టూప్. "కాగితం భద్రంగానే ఉంది."

ఇద్దరూ నవ్వుతారు. నవ్వు ఆగాక, చర్చి వెనక సమాధి వైపు చూడకుండా ఉండటానికి ఇద్దరూ రోడ్డు వైపే చూస్తారు.