నేర్పని బటన్

ఆమెకు పేరున్నా వీధిలో అందరికీ టైలరమ్మే. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను. దానికెదురుగా గోడవారన మంచం, మంచం కాళ్ళవైపు బల్ల మీద పాత డబ్బా టీవీ, దాని నెత్తిన కేబుల్ వాళ్ళిచ్చిన సెట్‌టాప్ బాక్సు. మంచం మీద ఆమె భర్త. ఒకప్పుడు బస్సు డ్రైవరు. మొదటిసారి పక్షవాతం వచ్చినప్పుడు కుడివైపంతా పడిపోయింది, మాట పోయింది. రెండోసారికి ఎడమచేతిలోనూ పట్టు సడలింది. కాళ్ళూ చేతుల్లో ఇప్పుడు చెప్పినమాట వినేది ఎడమచేతి బొటనవేలొక్కటే.

పొద్దున్న లేచింది మొదలు ఆ ఇంట్లో టీవీ మోగుతూనే ఉండేది. అది టైలరమ్మ పెట్టుకున్న ఏర్పాటు. అంతకుముందు ఆయన డ్యూటీ చేసిన రోజుల్లో గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పులైనా విప్పకుండా రిమోట్ అందుకుని టీవీ కట్టేసేవాడు. సీరియల్లో ఎవరు ఏడుస్తున్నా, ఎవరు ఎవర్ని చంపబోతున్నా ఆయనకు లెక్కలేదు. "రోజంతా హారన్లతో చచ్చి వస్తాను, ఇంట్లోనూ ఈ గోలేనా?" అనేవాడు. ఆమె మాట్లాడినా అదే గోల కింద జమ. కథ ఎలా ముగిసిందో మర్నాడు బట్టలివ్వడానికొచ్చిన వాళ్ళని అడిగి తెలుసుకునేది. అలా కాపురమంతా గడిచింది. ఆయన మంచాన పడ్డాక మాత్రం టీవీని ఆపేవాళ్ళు లేరు.

ఈమధ్య టీవీ రిమోట్ కిందపడి పగిలింది. బాక్సు రిమోట్ పనిచేస్తోంది కానీ దాని బటన్లు చీమతలకాయలంత ఉంటాయి. ఆయన బొటనవేలు ఒకదానికి గురిపెడితే ఇంకోదాని మీద పడుతుంది. వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియో అమ్మాయి అది చూసి, ఏ టీవీకైనా, ఏ బాక్సుకైనా పనిచేసే, పెద్ద బటన్లున్న యూనివర్సల్ రిమోట్ ఒకటి కొనమంది. వేలికి కసరత్తూ అవుతుంది, ఏదో ఒకటి తనంతట తాను చేస్తున్నానన్న ధైర్యమూ ఉంటుందంది.

ఎలక్ట్రికల్ షాపతను రిమోట్ అమ్ముతూనే విడమరిచి చెప్పాడు. టీవీ బటన్ నొక్కితే అది టీవీ పద్ధతిలోకి, బాక్సు బటన్ నొక్కితే బాక్సు పద్ధతిలోకి మారుతుంది. దాంతో వచ్చిన చిన్న పుస్తకంలో టీవీ కంపెనీ పేరు కింద ఉన్న కోడ్‌లు వరసగా కొట్టి చూడాలి. కుదరకపోతే రిమోటే వెతుక్కుంటుంది. లోకల్ కేబుల్ బాక్సులకు మాత్రం కోడ్‌లు దొరకడం కష్టం, బాక్సు బటన్లను దాని పాత రిమోట్ నుంచి ఒక్కొక్కటిగా నేర్పించుకోవాలి.

మధ్యాహ్నం పూట కుట్టుమిషను బల్ల మీద గుడ్డముక్కలు పక్కకు నెట్టి ఆమె పని మొదలుపెట్టింది. పుస్తకంలోని కోడ్‌లలో ఒకటి టీవీని ఆపింది కానీ సౌండ్ పెంచలేకపోయింది. అది సరైనది కాదని వదిలేసింది. ఇక వెతుకులాట. టీవీ ఆన్‌లో ఉంచి, రిమోట్ మీద టీవీ బటన్నూ సెటప్ బటన్నూ కలిపి ఎర్రలైటు నిలకడగా వెలిగేదాకా అదిమిపట్టింది. తర్వాత రిమోట్‌ను టీవీ వైపు తిప్పి పవర్ బటన్ ఒక్కోసారి నొక్కుతూ, తెర వంక చూస్తూ కూర్చుంది. నొక్కిన ప్రతిసారీ ఒక కొత్త కోడ్ వెళ్తుంది. వేలు నొప్పి పుట్టాక టీవీ టక్కున ఆరింది. ఇంకోసారి నొక్కితే దాటిపోతుందని వెంటనే ఓకే కొట్టింది. ఈసారి సౌండూ పెరిగింది, తగ్గింది.

బాక్సుకు అదే పద్ధతిలో వెతికితే కోడ్‌లన్నీ అయిపోయి ఎర్రలైటు దానంతటదే ఆరిపోయింది. షాపతను చెప్పినట్టే అయింది.

ఇక నేర్పడమే మిగిలింది. కిటికీ తెర లాగింది, ట్యూబ్‌లైటు ఆపింది. వెలుతురు ఎక్కువైతే సరిగా నేర్చుకోదట. రెండు రిమోట్లనూ బల్ల మీద ఎదురెదురుగా, ముక్కుకు ముక్కు చూసుకునేలా, నడుమ రెండువేళ్ళ ఎడం ఉంచి పెట్టింది. కొత్తదాన్ని నేర్చుకునే పద్ధతిలోకి తెచ్చి, దాని మీద ఛానల్ పెంచే బటన్ నొక్కింది. లైటు వెలిగి ఎదురుచూసింది. పాతదాని మీద అదే బటన్ నొక్కింది. లైటు రెండుసార్లు మిణుకుమంది. నేర్చుకున్నట్టు. ఛానల్ తగ్గించేదీ నేర్పింది. ఒక అంకె మొరాయిస్తే మళ్ళీ నేర్పింది. రిమోట్ ఏ పద్ధతిలో ఉన్నా సౌండ్ బటన్లు టీవీకే పనిచేసేలా అమర్చింది.

చివరికి పవర్ బటన్ దగ్గరికొచ్చింది. కొత్తదాని మీద నొక్కింది. లైటు వెలిగింది. పాత రిమోట్ పవర్ బటన్ మీద ఆమె వేలు ఆనింది. ఆనిందే కానీ నొక్కలేదు. మంచం మీంచి ఆయన చూస్తున్నాడు. కొంతసేపు చూసి చూసి ఆ లైటే విసుగొచ్చినట్టు ఆరిపోయింది.

ఆమె రిమోట్‌ను బాక్సు పద్ధతిలో ఉంచి, వేలు పొరపాటున కూడా తగలకుండా టీవీ బటన్ మీద మందపాటి ప్లాస్టరు అంటించింది. దాన్ని తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "ఇదిగోండి, మీ ఇష్టమొచ్చింది చూసుకోండి" అంది.

మొదట్లో ఆయన ఛానళ్ళు తిప్పాడు. తర్వాత ఆమె గమనించింది, ఆయన బొటనవేలు పైన మూలనున్న ఎర్రటి పవర్ బటన్ మీదే పదేపదే పడుతోంది. నొక్కడం, తెర వంక చూడడం, మళ్ళీ నొక్కడం. ఆమె మిషను తొక్కుతూనే ఉంది. ఆయన సౌండ్ తగ్గించుకున్నా ఆమె వచ్చి పెంచేది.

ఫిజియో అమ్మాయి వచ్చిన రోజు, "అంకుల్, మీకు నచ్చిన బటన్ నొక్కండి చూద్దాం" అంది. ఆయన ఎర్రబటన్ నొక్కాడు. టీవీ అలాగే మాట్లాడుతోంది. ఆ అమ్మాయి రిమోట్ తీసుకుని తనూ నొక్కి చూసింది.

"ఇది పనిచేయట్లేదాంటీ. పాడైనట్టుంది."

"దానికి ఆ బటన్ రాదమ్మా," అంది టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ. "మిగతావి ఉన్నాయిగా."

దారం ఎక్కలేదు. తల ఎత్తితే ఆయన ఆమెనే చూస్తున్నాడు. ఆయన ఎదుటే కదా ఆ ఒక్కటీ నేర్పకుండా వదిలేసింది. ఆ కళ్ళల్లో కోపం ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. లేదు.

ఆ తర్వాత ఆయన రిమోట్ ముట్టుకోలేదు. చేతిలో పెడితే వేళ్ళు మూసుకునేవి కావు. అన్నం పెడితే మింగేవాడు, ఒళ్ళు తుడిస్తే తుడిపించుకునేవాడు. టీవీ వైపు మాత్రం చూసేవాడు కాదు, కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. వ్యాయామానికీ వేలు కదపడం మానేశాడు. ఆఖరికి ఆ వేలు కూడా పోతుందని ఫిజియో అమ్మాయి బయట గుమ్మం దగ్గర నెమ్మదిగా చెప్పి వెళ్ళింది.

ఒకరోజు పొద్దున్న టైలరమ్మ ఎవరిదో జాకెట్టు కత్తిరిస్తూ కత్తెర పక్కన పెట్టేసింది. కిటికీ తెర లాగింది. రిమోట్లు రెండూ ఎదురెదురుగా పెట్టి, మిగిలిపోయిన బటన్ నొక్కింది. లైటు వెలిగింది. ఈసారి పాతదాన్ని వెంటనే నొక్కింది. రెండు మిణుకులు.

వెళ్ళి మంచం అంచున కూర్చుంది. ఆయన అరచేతిలో రిమోట్ పెట్టి, తన చేత్తో ఆయన వేళ్ళు మూసి, బొటనవేలు తీసి ఎర్రబటన్ మీద ఉంచింది.

"ఇప్పుడు నొక్కండి. పనిచేస్తుంది."

ఆయన కళ్ళు తెరిచాడు. నమ్మలేదు. చాలాసేపటికి వేలు బిగుసుకుంది, వణికింది, దిగింది. తెర మీది మనిషి మాట మధ్యలో తెగిపోయాడు. బాక్సు ఆరింది కానీ టీవీ ఆరలేదు. నీలంగా, మాట లేకుండా వెలుగుతూ ఉండిపోయింది. వీధిలో ఎవరో సైకిలు స్టాండు వేసిన చప్పుడు లోపలికి వచ్చింది. ఆయన ఊపిరి గురగురలాడుతోందని ఆమె అప్పుడే విన్నది. ఎన్నాళ్ళ నుంచి అలా ఉందో.

ఆయన రిమోట్ వదిలేశాడు. అది పక్క మీదికి జారింది. ఆమెను చూడలేదు, కృతజ్ఞతా చూపలేదు. గోడవైపు తల తిప్పుకున్నాడు. అలసట తప్ప ఆ ముఖంలో ఏమీ లేదు.

టైలరమ్మకు తను దేనికోసమో ఎదురుచూసిందని అప్పుడు తెలిసింది. అదేంటో తనకే స్పష్టంగా తెలీదు. లేచి వెళ్ళి టీవీ మీదున్న బటన్ నొక్కి నీలిరంగునూ ఆర్పేసింది. మిషను దగ్గరికి వచ్చింది గానీ చప్పుడవుతుందని తొక్కలేదు. జాకెట్టు ముక్కలు ఒళ్ళో వేసుకుని చేత్తో కుట్టడం మొదలుపెట్టింది.