ఐదు రోజులు, ఒక్క ఊరు

పెళ్ళై మూడు నెలలు దాటినా చిట్టి హనీమూన్ అంగుళం ముందుకు కదల్లేదు. అడ్డం వచ్చింది డబ్బొక్కటే అయితే ఎలాగో సర్దుకునేవారు. పెళ్ళి కుదిరాక, ముహూర్తానికి రెండు నెలల ముందు, ఆమెకు కాబోయే భర్తకు మూత్రపిండాలు రెండూ పనిచేయడం మానేశాయి. అతను వడ్రంగి. "ఇప్పటికైనా మించిపోయింది లేదు, వెనక్కి తగ్గు" అని పుట్టింటివాళ్ళు చెవినిల్లు కట్టుకుని పోరారు. చిట్టి వినలేదు. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టిన మర్నాడే, పొద్దున్నే ఆరింటికి, అతని వెంట డయాలసిస్ సెంటరుకు వెళ్ళి బయట బల్ల మీద నాలుగు గంటలు కూర్చుంది.

సోమ, బుధ, శుక్రవారాలు అతనివి కావు, మెషిన్‌వి. మిగిలిన రోజులే వాళ్ళవి.

ఒకనాడు అతని అక్కయ్య తళతళలాడే టూరు కంపెనీ కాగితం ఒకటి పట్టుకొచ్చింది.

"చూడమ్మాయ్, ఐదు రోజులు, ఏడు ఊళ్ళు! భోజనాలు కూడా వాళ్ళవే. కొత్త జంటలన్నీ దీనికే ఎగబడుతున్నాయి."

"వదినా, మీ తమ్ముడు తినకూడనివన్నీ ఆ భోజనాల్లోనే ఉంటాయి. రోజంతా కలిపి లీటరు మించి నీళ్ళు తాగకూడదాయనకి. డబ్బు కట్టి మరీ పస్తుండాలి. పైగా ఏడు ఊళ్ళంటే బస్సు కిటికీ చూసి రావడమే."

"మరి వీణ్ణి పెట్టుకుని ఎక్కడికి పోతావే తల్లీ?" అంది వదిన. అందులో వెటకారం లేదు, జాలి ఉంది. చిట్టికి అదే మరీ గుచ్చుకుంది.

ఆ రాత్రి అన్నాల దగ్గర భర్తని అడిగింది. "మీకేం చూడాలనుంది?"

"చెక్క పడవ కడుతుంటే చూడాలని ఉంది. పదహారేళ్ళుగా తలుపులూ మంచాలే చేస్తున్నా. నీళ్ళు చొరబడకుండా అతుకెలా వేస్తారో నాకిప్పటికీ తెలీదు."

చిట్టి పనిచేసేది డీటీపీ, జిరాక్సు షాపులో. మధ్యాహ్నం గిరాకీ పలచబడ్డాక కంప్యూటరు ముందు కూర్చుని వెతికింది. చెక్క పడవలు కట్టే ఊరు కావాలి, అక్కడ డయాలసిస్ సెంటరూ ఉండాలి. పదిరోజులు వెతగ్గా రేవు పట్టణం ఒకటి దొరికింది. సీజను దాటాక వెళితే గది సగం ధరకే వస్తుంది. ఒక ముసలావిడ మేడ మీద గది, చిన్న పొయ్యి కూడా ఉంది, ఉప్పు లేని వంట తనే చేసి పెట్టొచ్చు. శుక్రవారం డయాలసిస్ అయ్యాక సాయంత్రం రైలు, రెండూ కింది బెర్తులే. సోమవారం, బుధవారం అక్కడి సెంటర్లో. గురువారానికి ఇల్లు. డయాలసిస్ అయిన పూట నిద్ర తప్ప ఇంకేం పెట్టుకోలేదు. ఖాళీగా ఉన్న పూటల్ని ఖాళీగానే వదిలేసింది. తాము కూడబెట్టిన దాంట్లో అంతా సరిపోయింది.

ఇదంతా రాసిన కాగితం చూసి అతను నవ్వాడు. జబ్బు పడ్డాక అలా నవ్వడం అదే మొదలు.

రేవు పట్టణం సెంటరుకు ఫోన్ చేస్తే అక్కడి నర్సు మర్యాదగానే చెప్పింది. "డాక్టరు గారి లెటరు, చివరి మూడుసార్ల డయాలసిస్ షీట్లు, వైరస్ పరీక్షల రిపోర్టులు పంపండమ్మా. రిపోర్టులు నెలలోపువి కావాలి. పాతవి చెల్లవు."

పరీక్షకు రక్తం ఇచ్చిన మూడో రోజు డాక్టరు ఇద్దర్నీ లోపలికి పిలిచాడు. హెపటైటిస్ బి ఉంది, రక్తం ద్వారా అంటుకునే జబ్బు. నమ్మకం కుదరక మళ్ళీ పరీక్ష చేయించారు, మళ్ళీ ఉందనే వచ్చింది. ఇకనుంచి అతనికి విడిగా గది, విడిగా మెషిన్. చిట్టి వైపు తిరిగి, "మీరూ పరీక్ష చేయించుకోండమ్మా. వైరస్ లేదని తేలితే టీకా వేయించుకోవాలి. అది పనిచేసిందని తేలేదాకా భార్యాభర్తలు జాగ్రత్తగా ఉండాలి" అన్నాడు డాక్టరు. అతను గోడ మీది క్యాలెండరు కేసి చూస్తూ ఉండిపోయాడు, అందులో చదవాల్సిందేదో ఉన్నట్టు.

రేవు పట్టణం నర్సు "మా దగ్గర విడి మెషిన్ లేదమ్మా, ఏమనుకోకండి" అంది. ఆ తీరంలో ఇంకో సెంటరుకు చేస్తే ఖాళీ లేదన్నారు.

మర్నాడు మధ్యాహ్నం అతను షాపుకొచ్చాడు. ఓనరు భోజనానికి వెళ్ళాడు. అతను జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మూడు నెలల కిందటి రిపోర్టు. అందులో ఏ వైరస్సూ లేదు.

"తేదీ ఒక్కటే మార్చాలి. నీకు ఐదు నిమిషాల పని."

"ఫోన్లో నిజం చెప్పేశాగా."

"రేవు అవతల మూడో సెంటరొకటుంది. వాళ్ళకి చెప్పలేదుగా."

చిట్టి కాగితం స్కాన్ చేసింది. అంకెలు చెరిపి కొత్తవి కొట్టింది. అక్షరాలు అచ్చుగుద్దినట్టు కలిసిపోయాయి. ప్రింటు తీసింది. కాగితం ఇంకా వెచ్చగా ఉంది.

"ఆ కుర్చీలో మీ తర్వాత ఎవరో ఒకరు కూర్చుంటారు కదండీ" అంది నెమ్మదిగా.

"మెషిన్ కడుగుతారులే."

"మీకెలా వచ్చిందనుకుంటున్నారు?"

అతను ఎడమ చేతి మీద సూదులు గుచ్చీ గుచ్చీ ఉబ్బిన నరాన్ని బొటనవేలితో రాసుకుంటూ నిలబడ్డాడు. కాసేపటికి ఆ ప్రింటును తనే తీసుకుని నాలుగు ముక్కలు చేసి బుట్టలో పడేశాడు. "మొదట నా కర్మ అనుకున్నా. ఎవడో ఇలాగే వాడి సరదా కోసం నా నెత్తిన పెట్టి ఉంటాడేమో" అన్నాడు. రైలు టికెట్లు ఆ సాయంత్రమే రద్దుచేశారు.

మెషిన్ లేకుండా ఉండగలిగేది శుక్రవారానికీ సోమవారానికీ మధ్య రెండు రోజులు. ఐదు రోజుల్లో చూడాలనుకున్నదంతా ఆ రెండింట్లో కుక్కితే వదిన తెచ్చిన కాగితానికీ దీనికీ తేడా ఉండదు. అందుకే చిట్టి సముద్రాన్ని వదిలేసింది. మూడు గంటల బస్సు దూరంలో, నది ఒడ్డున, పడవలు కట్టే పాక ఒకటుందని తెలిసింది. ఒక గది, ఒక పాక. అంతే.

శనివారం పొద్దున్నే బయల్దేరారు. పాకలో సగం కట్టిన పడవ ఒక్కటే ఉంది. పడవల మేస్త్రీ డెబ్బై ఏళ్ళవాడు. చెక్కల సందులో పత్తి దారం పెట్టి, ఉలితో లోపలికి కొట్టి చూపించాడు.

"నీళ్ళు తగిలితే చెక్క ఉబ్బుతుంది, దారాన్ని బిగించేస్తుంది. అతుకు మనం సగమే వేస్తాం బాబూ, మిగతా సగం నీళ్ళే వేస్తాయి."

అతను సుత్తి అడిగి తీసుకున్నాడు. ఎడమ చేతికి బరువు తగలకుండా కుడిచేత్తో కొట్టాడు. జానెడు అతుకు పూర్తయింది. మేస్త్రీ వేలితో తడిమి చూసి, "పనివాడి చెయ్యే" అన్నాడు. అతను ఇంకో జానెడు మొదలుపెట్టాడు గానీ మధ్యలోనే ఆయాసం వచ్చి దుంగ మీద కూలబడ్డాడు. మొహం మైనంలా అయిపోయింది. చిట్టి కొలిచి తెచ్చిన నీళ్ళలోంచి రెండు గుక్కలు తాగించింది.

ఆదివారం పదకొండైనా అతను లేవలేదు. చీలమండలు ఉబ్బాయి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయింది. చిట్టి కిటికీ దగ్గర కూర్చుని ఒకసారి నదిని, ఒకసారి అతని ఊపిరిని చూస్తూ గడిపింది. నది అందంగానే ఉంది. ఆమెకది ఎవరిదో నదిలా అనిపించింది.

మధ్యాహ్నం కళ్ళు తెరిచాడు. "నిద్రపోయి నీ రోజంతా పాడుచేశాను."

"మనకి వేరే పనేం లేదుగా. పడుకోండి."

సాయంత్రం బస్సులో అతను ఆమె భుజం మీద తల ఆనించాడు. ఊరు దగ్గరపడుతుండగా అడిగాడు. "మళ్ళీ ఎప్పుడైనా వెళ్ళగలమంటావా?"

చిట్టికి అబద్ధమాడబుద్ధి కాలేదు.

"తెలీదండీ."

అతను తలూపి కళ్ళు మూసుకున్నాడు. సోమవారం ఆరింటి డయాలసిస్‌కి అలారం పెట్టడానికి చిట్టి ఫోన్ తీసింది.