గిన్నె నాకితే చాలదు

కుక్కపిల్ల ముందుకాళ్లు వంకరపోతున్నాయని అత్తగారు, కొడుకు, కోడలు కలిసి దాన్ని పశువుల డాక్టరమ్మ దగ్గరికి ఎత్తుకొచ్చారు. తాను వండే కోడిమాంసం, అన్నానికి మించింది లేదని అత్తగారి నమ్మకం. కుక్కకి పచ్చిమాంసమే సహజమని కొడుకు అదీ పెడుతున్నాడు. సంచిలో వచ్చే కుక్కల తిండి గుళికలు కొందామని కోడలు మొత్తుకుంటోంది.

“గిన్నె అద్దంలా నాకేస్తుంది డాక్టరమ్మా. ఇంక లోటేముంది?” అంది అత్తగారు.

“మా కుక్క నా చెప్పు కూడా అలాగే నాకుతుందండీ. అదీ బలమైన తిండేనా?”

కొడుకు కిసుక్కున నవ్వాడు.

“మీరు నవ్వకండి,” అంది డాక్టరమ్మ ఎక్స్‌రే చూపిస్తూ. “మీరిద్దరూ పెట్టే ఎముకల్లేని మాంసంలో, పచ్చిదైనా ఉడికిందైనా, కాల్షియం తక్కువే. అందుకే ఎముకలు గట్టిపడలేదు. పైగా పచ్చిదాంతో క్రిముల భయం.”

కోడలి మొహం వెలిగిపోయింది. “గుళికలే నయమన్నమాట!”

“ఏవి పడితే అవి కాదు. ‘ఎదిగే కుక్కపిల్లలకు సంపూర్ణాహారం’ అని సంచి మీద ఉండాలి. ఇంటివంటా పెట్టొచ్చు, పోషకాహార నిపుణులు చెప్పినట్టు తూకం వేసి వండితే.”

“నా వంటకి తూకమా!” అత్తగారు మూతి ముడుచుకుంది.

చివరికి గుళికలే ఇంటికొచ్చాయి. అత్తగారు వాటిమీద గోరువెచ్చని నీళ్లు పోసి, మూతపెట్టి, నానాక గరిటెతో కలిపి పెట్టింది. కుక్కపిల్ల గిన్నె నాకేసింది.

“చూశావా, ఎవరి చేతివంటనుకున్నావు!” అంది కోడలితో, గరిటె కడుగుతూ.